మరిచిపోతే మిగిలేది

ఒక ఊహ. రేపు పొద్దున్న ఒక ఇంట్లో భార్యాభర్తలిద్దరూ నిద్ర లేస్తారు. ఇద్దరికీ తమ పేర్లు తెలుసు, భాష తెలుసు, చేసే ఉద్యోగాలు తెలుసు, అమ్మానాన్నల ఫోన్ నంబర్లు కూడా గుర్తున్నాయి. ఒక్కటే లేదు. ఒకరితో ఒకరు గడిపిన ఏ క్షణమూ గుర్తులేదు. తొలి పరిచయం, పెళ్ళి, గొడవలు, ప్రయాణాలు, అన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. ఇప్పుడు వాళ్ళ ప్రేమలో ఏం మిగులుతుంది?

మనకి ఈ ప్రశ్న పాతదే. మహాభారతంలో దుష్యంతుడికి శాపమూ లేదు, ఉంగరమూ లేదు. అన్నీ గుర్తుండే, ఎరగనట్టు నటిస్తాడు. అతనికి నిజంగా మరపు తెప్పించింది కాళిదాసు. అయితే ఆ నాటకంలో మరిచిపోయింది ఒక్కడే. సభలో నిలబడి ఇలా జరిగింది అని చెప్పడానికి శకుంతల ఉంది. సాక్ష్యం చెప్పడానికి చేప కడుపులో ఉంగరం ఉంది. నా ఊహలో శకుంతల కూడా మరిచిపోయింది. ఉంగరం లేదు.

ఇదే మా ఆయన్ని అడిగితే తను పెద్దగా ఆలోచించలేదు. "మళ్ళీ ప్రేమించుకుంటాం, అంతేగా. పైగా పాత గొడవలన్నీ పోతాయి. మనకే లాభం," అన్నాడు. సినిమాలు కూడా ఇదే చెప్తాయి: జ్ఞాపకాలు పోయినా ప్రేమ పోదు, పోయేది చేదు మాత్రమే. ఇది నిజమా కాదా అన్నది ఊహల్లో తేలేది కాదు. నిజంగా మరిచిపోయిన మనుషుల్ని చూడాలి.

అందరికంటే బాగా తెలిసిన కథ క్లైవ్ వేరింగ్‌ది. ఇంగ్లండ్‌లో సంగీతవేత్త, గాయక బృందాలు నడిపినవాడు, బీబీసీలో పనిచేసేవాడు. 1985 మార్చిలో జ్వరం, తలనొప్పితో మొదలైంది. పెదవుల మీద పొక్కులు తెప్పించే హెర్పిస్ వైరస్ చాలా అరుదుగా మెదడుకి పాకుతుంది. ఆయనకి అదే జరిగింది. కొత్త అనుభవాలని జ్ఞాపకాలుగా మార్చే హిప్పోకాంపస్ అనే భాగం నాశనమైంది. బతికాడు కానీ, అప్పటినుంచీ ఏ అనుభవమూ అరనిమిషాన్ని మించి నిలవలేదు. డైరీలో ఇప్పుడే మొదటిసారి మెలకువ వచ్చిందని రాసుకునేవాడు, కాసేపటికి దాన్ని కొట్టేసి కింద మళ్ళీ అదే రాసేవాడు.

గడిచిన జీవితంలో కూడా చాలాభాగం పోయింది. కానీ రెండు మిగిలాయి. ఒకటి సంగీతం: పియానో ముందు కూర్చోబెడితే వాయించేవాడు. రెండోది భార్య డెబొరా. ఆమె గదిలోకి వస్తే చాలు, ఏళ్ళ తర్వాత కనపడినట్టు పరిగెత్తుకొచ్చి కౌగిలించుకునేవాడు. ఆమె బయటికెళ్ళి అయిదు నిమిషాల్లో తిరిగొస్తే మళ్ళీ అదే పరుగు, అదే కౌగిలి. 2005లో ఆమె తమ కథని పుస్తకంగా రాసింది. 2007లో ఆలివర్ సాక్స్ క్లైవ్ గురించి రాసిన వ్యాసంతో ప్రపంచమంతా తెలిసింది.

ఇక్కడితో ఆగిపోతే మా ఆయనే గెలిచినట్టు. కానీ డెబొరా వైపు నుంచి చూడండి. కొన్నేళ్ళు అలా గడిచాక ఆమె విడాకులు తీసుకుని అమెరికా వెళ్ళింది. ఇంకో జీవితం మొదలుపెడదామనుకుంది. కుదరక తిరిగొచ్చింది. 2002లో ఇద్దరూ పెళ్ళి ప్రమాణాలు మళ్ళీ చేసుకున్నారు. ఇందులో నన్ను పట్టుకున్నది ఒకటే. ఆమె అమెరికా వెళ్ళినా, పక్క గదిలోకి వెళ్ళినా ఆయనకి తేడా లేదు. వదిలి వెళ్ళిందన్న సంగతి ఆయన మనసులో నిలవదు కాబట్టి, క్షమించడం అనే పని కూడా ఆయనకి లేదు. ఆయన ప్రేమ నిజమే. కానీ ఆ ప్రేమకి చరిత్ర మోసింది ఆమె ఒక్కతే.

మరి చేదు? తియ్యదనం ఒక్కటే ఇలా మిగులుతుందా? దీనికి జవాబు ఇంకో రోగి దగ్గర ఉంది. న్యూరాలజిస్ట్ ఆంటోనియో డమాసియో ఇతన్ని డేవిడ్ అని పిలుస్తాడు. అదే వైరస్, అదే రకం నష్టం. కొత్తగా పరిచయమైన ఏ మనిషీ ఇతనికి గుర్తుండడు. ఇతని మీద ఒక ప్రయోగం చేశారు. వారం పాటు ముగ్గురు మనుషులు వచ్చి వెళ్ళేవారు. ఒకరు అడిగిందల్లా ఇచ్చి ఆప్యాయంగా ఉంటారు, ఒకరు ముభావంగా ఉంటారు, ఒకరు విసుగు పుట్టించే పనులు చేయిస్తూ ఏదడిగినా కాదంటారు. ఆ కాదనే పాత్రని కావాలనే చూడముచ్చటగా ఉండే ఒక యువతికి ఇచ్చారు. వారం తర్వాత ఫొటోలు చూపించి వీళ్ళెవరు అని అడిగితే డేవిడ్‌కి ఒక్కరూ తెలియదు. సాయం కావాలంటే ఎవరి దగ్గరికి వెళ్తావు అని అడిగితే మాత్రం ఎక్కువసార్లు ఆ మంచి మనిషినే చూపించాడు. ఆ యువతిని దాదాపు ఎప్పుడూ చూపించలేదు. ఎందుకంటే చెప్పలేడు.

ఒక్క మనిషి, ఒక్క వారం. దీన్నిబట్టి పదకొండేళ్ళ కాపురం గురించి గట్టిగా ఏమీ చెప్పలేం. కానీ దారి మాత్రం చూపిస్తుంది. జరిగిన కథ ఒకచోట ఉంటుంది, ఆ కథ మనలో వదిలిన ఇష్టమో భయమో ఇంకోచోట ఉంటుంది. మొదటిది పోయినా రెండోది ఉండొచ్చు. అలా ఉండిపోయేటప్పుడు తీపినే ఏరుకుని ఉండిపోదు. చేదూ ఉంటుంది, కారణం లేకుండా.

ఇప్పుడు మా ఇంటికి వస్తాను. మా ఆయనకి చిన్నప్పటినుంచీ ఎడమ చెవి సరిగ్గా వినపడదు. అందుకని నేనెప్పుడూ తనకి కుడివైపే నడుస్తాను. ఇది ఎంత అలవాటైపోయిందంటే, స్నేహితులతో ట్యాంక్‌బండ్ మీద నడిచినా నాకు తెలియకుండానే వాళ్ళ కుడివైపుకి చేరిపోతాను. మాది వరంగల్, వాళ్ళది కాకినాడ. నేనిప్పుడు ఫోన్లో "ఆయ్" అంటాను. తను వాళ్ళమ్మతో "తొక్కు" అంటాడు, ఆవిడ నవ్వుతుంది. జ్ఞాపకాలన్నీ తుడిచేసినా ఇవి పోవు. ఎక్కడినుంచి వచ్చాయో తెలియకుండా కాళ్ళలోనూ నాలుక మీదా ఉండిపోతాయి. ముక్కూ మొహం తెలియని మనిషి పక్కన నేను సరిగ్గా కుడివైపే నిలబడతాను. ఇది తలుచుకుంటే నాకు ముచ్చటగానే ఉంటుంది.

కానీ ఇంకోటి కూడా ఉండిపోతుంది. 2019లో నాకు అయిదో నెలలో కడుపు పోయింది. పేరు పెట్టలేదు, ఫొటో లేదు. స్కానింగ్ వాళ్ళిచ్చిన చిన్న కాగితం ఒక్కటే ఉంది. అది వేడితో అచ్చయ్యే కాగితం, బస్సు టికెట్ లాంటిది. ఏడాదికేడాది బూడిదరంగు వెలిసిపోతూ వస్తోంది. ఇప్పుడు అందులో ఏముందో మా ఇద్దరికి తప్ప ఎవరికీ కనపడదు. ఉంగరం అని ఏదైనా ఉంటే మాకు అదే, అది కూడా చెరిగిపోయే ఉంగరం.

ఆ తర్వాత నాలుగు నెలలు తను నాతో మాట్లాడలేదు. మాట్లాడలేదంటే, కూరలు ఏం తేవాలి, గ్యాస్ బుక్ చేశావా, ఇవి మాట్లాడేవాడు. రాత్రి పొద్దుపోయేదాకా వంటింట్లో ఏదో ఒకటి కడుగుతూ ఉండేవాడు. తన అడుగుల చప్పుడు పడగ్గది వైపు వస్తుంటే నా భుజాలు బిగుసుకుపోయేవి. నన్నే తప్పుపడుతున్నాడని నా నమ్మకం. ఒకరోజు రాత్రి స్టవ్ దగ్గర నిలబడే చెప్పాడు. వాళ్ళ నాన్న పోయినప్పుడు వాళ్ళమ్మ ముందు తను ఏడిస్తే ఆవిడ ఇంకా కుంగిపోయిందట. నా ముందు నోరు తెరిస్తే ఏడుస్తానని, ఏడిస్తే నేనేమైపోతానో అని భయమట. "నువ్వు పడుకున్నాక ఏడుద్దామని అంట్లు తోముతూ కూచునేవాణ్ణి," అన్నాడు. ఆ రాత్రి తెల్లవారేదాకా మాట్లాడుకున్నాం.

అడుగుల చప్పుడుకి భుజాలు బిగుసుకోవడం మాత్రం వెంటనే పోలేదు. ఇప్పటికీ అప్పుడప్పుడూ, తను ఎక్కువసేపు మౌనంగా ఉంటే, వస్తుంది. వచ్చినప్పుడు ఆ స్టవ్ దగ్గరి మాటలు గుర్తు తెచ్చుకుంటాను, సడలుతుంది.

మా ఆయన చెప్పిన లాభం నాకు కనపడనిది ఇక్కడే. ఆ ఊహలో పోయేది ఏమిటి? స్టవ్ దగ్గరి రాత్రి. మిగిలేది ఏమిటి? బిగుసుకునే భుజాలు. క్షమించడం అంటే దెబ్బని మర్చిపోవడం కాదు. దెబ్బ పక్కన దాని కారణాన్ని కూడా పెట్టుకుని ఉండటం. మరపు వచ్చి కారణాన్ని తీసుకుపోయి దెబ్బని వదిలేస్తే, ఆ పొద్దున్న లేచిన ఆడమనిషికి పక్కనున్న మగమనిషి మౌనం ఎందుకు భయం పుట్టిస్తుందో తెలియదు. అతను చెడ్డవాడని అనుకుంటుంది. అలా అనుకోవడంలో ఆమె తప్పు కూడా ఉండదు. దుఃఖం కూడా అంతే. ఇద్దరికీ ఎక్కడో బరువుగా ఉంటుంది. దేని గురించో ఇద్దరికీ తెలియదు. ఒకరినొకరు ఓదార్చుకోవడానికి కావలసిన ఆ ఒక్క వాక్యం ఏ ఒక్కరి దగ్గరా ఉండదు.

ఆ ఇద్దరూ మళ్ళీ ప్రేమించుకోవచ్చు. కాళ్ళకి, నాలుకకి తెలిసినవి కొన్ని ఉన్నాయి కాబట్టి కొత్తవాళ్ళకంటే వాళ్ళకి దారి కొంచెం దగ్గరే. కానీ అది రెండో ప్రేమ అవుతుంది, మొదటిదానికి కొనసాగింపు కాదు. మొదటి ప్రేమంటే నా లెక్కలో ఆ తీపి కాదు. ఏ దెబ్బ ఎందుకు తగిలిందో ఇద్దరికీ తెలిసి ఉండటం. అది జ్ఞాపకం తప్ప ఇంకెక్కడా నిలవదు.

ఇదంతా విన్నాక మా ఆయన ఊహకి ఒక రూలు కలిపాడు. ముందురోజు రాత్రి ఇద్దరూ ఒక్కో చీటీ రాసి తలగడ కింద పెట్టుకోవచ్చు, ఒక్కొక్కరికి ఒక్క విషయమే. నాది రాయడానికి ఎక్కువసేపు పట్టలేదు. మీరు ప్రేమించుకున్నారు అని రాయలేదు, అది ఎవరైనా రాస్తారు. "ఇతను మాట్లాడకపోతే కోపం వచ్చి కాదు. వెళ్ళి అడుగు," అని రాశాను.

తను రెండు రోజులు ఆలోచించి, "ఎడమ చెవి వినపడదు, కుడివైపు నిలబడమని రాస్తా," అన్నాడు.

దానికోసం చీటీ పాడుచేయొద్దన్నాను. అది నా కాళ్ళకి తెలుసు.