“ఇది రాయొద్దు సార్” అంటే ఏది రాయకూడదు?

జర్నలిజం పేపర్లో మనం బట్టీ పట్టిన ఇంగ్లీషు మాటలు కొన్ని ఉన్నాయి. ఆన్ ది రికార్డ్, ఫర్ అట్రిబ్యూషన్, బ్యాక్‌గ్రౌండ్, ఆఫ్ ది రికార్డ్. పరీక్షలో ఇవి ఐదు మార్కుల ప్రశ్న. చెప్పిన మాటను చెప్పినవాళ్ళ పేరుతో సహా వేసుకోవచ్చంటే ఆన్ ది రికార్డ్. ఆ మాట ఎవరిదో చూపించి రాయడం అట్రిబ్యూషన్. మాట వాడుకోవచ్చు గానీ పేరు వద్దు, “ఆ శాఖలో ఒక అధికారి” అన్నంత గుర్తు చాలు అంటే బ్యాక్‌గ్రౌండ్. అసలు అచ్చులోకే రాకూడదంటే ఆఫ్ ది రికార్డ్. ఇలా రాసేస్తే మార్కులు వస్తాయి.

చిక్కెక్కడంటే, ఈ అర్థాలు విలేకరులందరికీ ఒకటి కావు. బ్యాక్‌గ్రౌండ్ అంటే “పేరు లేకుండా వేస్తాను” అని ఒకరు అనుకుంటారు. “నాకు విషయం అర్థం కావడానికి మాత్రమే, ఒక్క ముక్క కూడా వెయ్యను” అని ఇంకొకరు అనుకుంటారు. పత్రికలవాళ్ళ మధ్యే ఇంత తేడా ఉంటే, ఈ మాటలు ఎప్పుడూ వినని మనుషుల సంగతి ఏమిటి? అలాంటి మనిషి మా ఇంట్లోనే ఉంది. ఆమె మా పిన్ని.

పిన్ని హోసూరు వైపు ఒక పల్లెలో అంగన్‌వాడీ కార్యకర్త. ఒకసారి ఒక విలేకరి వాళ్ళ సెంటర్‌కి వచ్చాడు. పిల్లల బరువు ఎలా చూస్తారు, రోజూ ఎంతమంది వస్తారు అని అడిగాడు. పిన్ని అన్నీ చెప్పింది. మాటల్లో మాటగా, “గుడ్లు మూడు వారాలుగా రాలేదు. ఇది రాయొద్దు సార్, మా పైవాళ్ళు ఊరుకోరు” అంది. ఆయన తల ఊపాడు. రెండు రోజుల తర్వాత వార్త వచ్చింది. అందులో పిన్ని పేరు లేదు. “మూడు వారాలుగా గుడ్లు రావడం లేదని ఆ ఊరి అంగన్‌వాడీ కార్యకర్త ఒకరు చెప్పారు” అని ఉంది. ఊరి పేరు మాత్రం ఉంది. ఆ ఊళ్ళో ఉన్నదే ఒక సెంటర్, అందులో ఉన్నది ఒక్క కార్యకర్త. సాయంత్రానికి సూపర్‌వైజర్ ఫోన్ చేసింది, వారంలో మెమో వచ్చింది.

ఈ సంగతి ఇక్కడ రాయవచ్చా అని పిన్నిని ముందే అడిగాను. “జరిగింది రాయి, మెమో సంగతీ రాయి. ఊరి పేరూ, పేపరు పేరూ రాయకు” అంది. అవి రెండూ రాయడం లేదు.

విలేకరిని దొంగ అనడానికి లేదు. తన లెక్కలో ఆయన మాట నిలబెట్టుకున్నాడు, పేరు వెయ్యలేదు. పిన్ని లెక్కలో మాట తప్పాడు, గుడ్ల సంగతే రాయొద్దంది కాబట్టి. “ఇది రాయొద్దు” అన్న మన తెలుగు మాటలో “ఇది” అంటే ఏది? విషయమా, తన పేరా, తాను అన్నానన్న సంగతా? ఆ మాట మూడింటికీ సరిపోతుంది. తల ఊపితే ఏ మూడోదానికి ఒప్పుకున్నట్టో ఎవరికీ తెలియదు. అక్కడ ఒక్క ప్రశ్న అడగాల్సింది: “గుడ్లు రాలేదని రాయొద్దంటారా, మీరు చెప్పారని రాయొద్దంటారా?”

దానికి పిన్ని, “నేను చెప్పానని రాయొద్దు” అని ఉంటే రెండో ప్రశ్న కావాలి. “అయితే ఎవరు చెప్పారని రాయమంటారు?” పేరు తీసేస్తే మనిషి దాగిపోతుందని అనుకుంటాం గానీ, ఊరు, ఉద్యోగం కలిస్తే అదే పేరు. ఇక్కడ “ఆ ఊరి కార్యకర్త” అన్నా, పిన్ని పేరు వేసినా ఒకటే. “ఈ బ్లాకులో ఒక కార్యకర్త” అని ఉంటే చాలామందిలో ఒకరయ్యేది. ఈ వాక్యం ఏమిటో ఇద్దరూ కలిసి తేల్చుకోవాలి. ఎవరి కంట పడితే తనకు ప్రమాదమో చెప్పేమనిషికి తెలిసినంతగా విలేకరికి తెలియదు. కాబట్టి “మీ గురించి ఇలా రాస్తాను” అని ఆ వాక్యాన్ని చదివి వినిపించడమే మంచి పద్ధతి.

ఇక ఇది ఎప్పుడు అడగాలి? దీనికి అందరూ చెప్పే ఉదాహరణ 2008 మార్చిలో జరిగింది. అమెరికా అధ్యక్ష ఎన్నికలకు ముందు డెమోక్రటిక్ పార్టీలో ఒబామా, హిల్లరీ క్లింటన్ పోటీ పడుతున్నారు. సమంతా పవర్ అప్పుడు ఒబామాకు విదేశాంగ సలహాదారు. తన పుస్తకం ప్రచారానికి బ్రిటన్ వెళ్ళినప్పుడు ‘ది స్కాట్స్‌మన్’ విలేకరి జెర్రీ పీవ్‌కు ఇంటర్వ్యూ ఇచ్చారు. మాటల మధ్యలో హిల్లరీని రాక్షసి అనే అర్థం వచ్చే మాట అనేశారు. అన్న వెంటనే, అదే ఊపిరిలో, ఇది ఆఫ్ ది రికార్డ్ అన్నారు. పత్రిక ఆ మాటను వేసింది. మార్చి 7న ఆమె క్షమాపణ చెప్పి పదవి వదులుకున్నారు.

పత్రిక చెప్పిన కారణం ఒక్కటే. ఇంటర్వ్యూ మొదలుకాక ముందే అంతా ఆన్ ది రికార్డ్ అని ఒప్పుకున్నారు, అనేశాక ఒకవైపు నుంచే దాన్ని మార్చడం కుదరదు. అది క్రూరం అన్నవాళ్ళు ఉన్నారు, సరైనదే అన్నవాళ్ళూ ఉన్నారు. నాకైతే ఇందులో నియమం సరైనదే అనిపిస్తుంది. మాట ముందు, షరతు తర్వాత అయితే ప్రతి నాయకుడూ తన నోటి దురుసును అలాగే వెనక్కి తీసుకుంటాడు. షరతు ముందు రావాలి, దానికి ఇద్దరూ ఒప్పుకోవాలి.

కానీ ఇదే నియమాన్ని పిన్ని మీద పెట్టి చూడండి. ఆమె కూడా మాట ముందు అంది, “రాయొద్దు” అని తర్వాత అంది. నియమం ప్రకారం ఆమెదీ చెల్లదు. అయితే పవర్ స్వయంగా విలేకరిగా పనిచేసి వచ్చిన మనిషి, షరతులు ఆమెకు కొత్త కాదు. పిన్నికి షరతులనేవి ఉంటాయనే తెలియదు. కాబట్టి పత్రికలతో అలవాటు లేనివాళ్ళ దగ్గర మొదటే చెప్పే బాధ్యత విలేకరిదే: “నేను పేపరు మనిషిని. మీరు చెప్పింది మీ పేరుతో రావచ్చు. ఏదైనా రాకూడదంటే చెప్పకముందే నాతో అనండి.” ఇది అరనిమిషం పని. అలా చెప్పకపోయి ఉంటే, వాళ్ళు తర్వాత అన్న “రాయొద్దు”ను మళ్ళీ విని తేల్చుకోవాలి.

అచ్చుకు వెళ్ళే ముందు చేసే ఫోన్ అందుకే. రాసుకునేటప్పుడే నోటుబుక్కులో ఏ వాక్యం పక్కన ఏ షరతో గుర్తు పెట్టుకోవాలి. ఒకే మనిషి అయిదు నిమిషాల్లో ఒకటి పేరుతో, ఒకటి పేరు లేకుండా, ఒకటి తెలుసుకోవడానికి మాత్రమే చెబుతుంది. గుర్తు లేకపోతే ఇంటికెళ్ళాక అన్నీ ఒకేలా కనిపిస్తాయి. ఆ ఫోన్ ఇలా ఉంటుందని ఊహించుకున్నాను.

“అమ్మా, మొన్న మాట్లాడిన పేపరాయన్ని. పిల్లల బరువు సంగతి మీ పేరుతో వేస్తున్నాను, సరేనా?”

“సరే సార్.”

“గుడ్ల సంగతి ఈ బ్లాకులో ఒక కార్యకర్త చెప్పారని వేస్తే?”

“వద్దు సార్. మా సూపర్‌వైజర్‌కు నా మీదే అనుమానం వస్తుంది.”

“సరే, మీరు చెప్పినట్టు ఎక్కడా రాదు. కానీ గుడ్లు వచ్చాయా లేదా అని నేను వేరేచోట విచారిస్తాను.”

ఆఖరి మాట ముఖ్యం. ఆఫ్ ది రికార్డ్ మూసేది ఆ మనిషి నోటినుంచి వచ్చిన మాటను, విషయాన్ని కాదు. పిల్లల తల్లుల్ని అడగవచ్చు, ఆఫీసులో స్టాకు లెక్క అడగవచ్చు, సమాచార హక్కు కింద అర్జీ పెట్టవచ్చు. వాళ్ళ దగ్గర తేలితే వార్త వస్తుంది, పిన్నికి మెమో రాదు. అయితే ఎంత విచారించినా ఆమె ఒక్కతికే తెలిసిన వివరం ఉంటే దాన్ని వదిలేయాలి. అది కనిపిస్తే ఎవరు చెప్పారో కనిపించినట్టే. ఇంకొకటి, ఈ ఫోన్ షరతు తేల్చుకోవడానికే. పేరుతో చెప్పిన మాటను పెద్ద అధికారి ఈ వంకతో మెత్తగా మార్చమంటే ఒప్పుకోనక్కర్లేదు.

మాట ఇచ్చేది విలేకరి, అచ్చు వేసేది ఎడిటర్. ఇక్కడా ఒక గొయ్యి ఉంది. 1982లో అమెరికాలోని మిన్నెసోటా గవర్నర్ ఎన్నికల్లో డాన్ కోహెన్ అనే ప్రచారకుడు ఎదుటి పక్షం అభ్యర్థి మీద పాత కోర్టు కాగితాలు విలేకరులకు ఇచ్చాడు. పేరు వెయ్యమని వాళ్ళు మాట ఇచ్చారు. రెండు పత్రికల ఎడిటర్లు మాత్రం, ఎన్నికల ముందు ఈ కాగితాలు ఎవరు బయటపెట్టారన్నది కూడా పాఠకులకు తెలియాలని విలేకరుల మాట కాదని పేరు వేశారు. అదే రోజు కోహెన్ ఉద్యోగం పోయింది. అతను కోర్టుకెళ్ళాడు. 1991లో అమెరికా సుప్రీంకోర్టు 5-4 తేడాతో, మాట ఇచ్చి తప్పితే అందరికీ వర్తించే చట్టం పత్రికలకూ వర్తిస్తుందని తీర్పిచ్చింది. చివరికి అతనికి 2 లక్షల డాలర్ల నష్టపరిహారం నిలబడింది. ఎడిటర్ల వాదనలో న్యాయం లేదని చెప్పలేను. కానీ ఆ ఆలోచన మాట ఇవ్వకముందు రావాలి. అందుకే తెలివైన విలేకరి “మీ పేరు నా ఎడిటర్‌కు చెప్పాల్సి ఉంటుంది, ఒప్పుకుంటారా?” అని కూడా ముందే అడుగుతుంది.

మన గోడపత్రికలో వచ్చే నెల నుంచి హాస్టల్ వంటమనుషుల్నీ, బస్సు కండక్టర్లనూ ఇంటర్వ్యూ చేసే పేజీ మొదలవుతోంది. మన గోడ ముందు నిలబడి చదివేవాళ్ళలో వాళ్ళ పైవాళ్ళూ ఉంటారు. “హాస్టల్ వంటమనిషి ఒకరు” అని రాస్తే ఎవరో కాలేజీ మొత్తానికి తెలుసు. వెళ్ళేవాళ్ళు ఆ ఇంగ్లీషు మాటలు పక్కనపెట్టి మూడు తెలుగు ప్రశ్నలు రాసుకుని వెళ్ళండి: ఇది రాయవచ్చా? మీ పేరుతో రాయవచ్చా? పేరు వద్దంటే మిమ్మల్ని ఏమని రాయను? జవాబులు వాక్యం పక్కనే రాసుకోండి. గోడకు అతికించే ముందు రోజు ఒకసారి వంటింటి దాకా వెళ్ళి చదివి వినిపించి రండి.