మార్పు అక్కర్లేని వాక్యం

మా మేనకోడలు ఎస్ఎస్‌సీ పరీక్షకు చదువుతోంది. నిన్న ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయింది. వాక్యం: ‘ఇట్ ఈజ్ టైమ్ యు వెంట్ హోమ్’. ‘వెంట్’కు బదులు గో, విల్ గో, హ్యాడ్ గాన్, నాలుగోది ‘మార్పు అక్కర్లేదు’.

"ఇంకా వెళ్లలేదు కదా మామయ్యా, వెంట్ ఎలా అవుతుంది?" అని ‘గో’ పెట్టింది. జవాబు నాలుగోదే.

‘ఇట్ ఈజ్ టైమ్’ తర్వాత కర్త వస్తే క్రియ భూతకాల రూపంలో ఉంటుంది. కానీ అది గతాన్ని చెప్పదు. ఈపాటికే జరగాల్సింది ఇంకా జరగలేదని చెబుతుంది. మనమూ ఇంట్లోనే ఉండి ఫోన్‌లో "వచ్చేశా, రెండు నిమిషాలు" అంటాం కదా, అలాగే ఇక్కడా రూపం ఒకటి, కాలం వేరు. కర్త లేకపోతే మాత్రం ‘ఇట్ ఈజ్ టైమ్ టు గో’ అనాలి. ఈ రెండు నిర్మాణాలూ కలిసిపోవడం వల్లే ‘గో’ సరైనదిగా అనిపిస్తుంది.

ప్రశ్న పేరులోనే ‘ఇంప్రూవ్‌మెంట్’ ఉంది కాబట్టి ఏదో ఒకటి మార్చాలనిపిస్తుంది. నేను తనకు చెప్పింది ఒక్కటే: ముందు తప్పేమిటో పేరు పెట్టి చెప్పు. కాలమా, వచనమా, విభక్తి లాంటి ప్రిపోజిషనా? చెప్పలేకపోతే ఒక్కో ఆప్షన్నీ వాక్యంలో పెట్టి, ఏ నియమం దెబ్బతింటుందో చూడు. మూడూ ఓడిపోతే వాక్యాన్ని ముట్టుకోకు. అలాగని తోచనప్పుడల్లా నాలుగోది పెట్టేయడమూ కుదరదు, తప్పు జవాబుకు మార్కు కోస్తారు.

సాయంత్రం ‘ఐ విష్ ఐ న్యూ హిజ్ నేమ్’ ఇచ్చాను. కాసేపు చూసి, మార్చకుండా వదిలేసింది.