తాతకు ఎనభై

తాతా,

ఈ ఆదివారంతో నీకు ఎనభై నిండుతాయి.

మదనపల్లె నుంచి పుంగనూరు మీదుగా కుప్పం పోయే బస్సులో, నన్ను కిటికీ పక్కన కూచోబెట్టి ‘మల్లీశ్వరి’ పాటలన్నీ వరసగా పాడేవాడివి. పలమనేరు వచ్చేసరికి నేను నిద్రపోయినా నువ్వు ఆపేవాడివి కాదు. 1919లో టాగూరు మన బెసెంట్ కాలేజీలోనే జనగణమనని ఇంగ్లీషులోకి మార్చాడనీ, మార్గరెట్ కజిన్స్ దానికి స్వరాలు రాసిందనీ చెబితే, ఊరి గొప్పలులే అని నవ్వాను. నిజమేనని తర్వాత తెలిసింది.

పోయినేడు కుప్పం పెళ్ళిలో ఇంకోసారి నవ్వాను. వాళ్ళడిగిన పాట ఒకటి, నువ్వు అందుకున్నది ఇంకోటి. మతిమరుపు అనుకున్నాం. కాదంట. వయసుతో చెవికి ముందు దూరమయ్యేవి సన్నటి శబ్దాలేనని డాక్టరు చెప్పాడు. ‘స’, ‘శ’ లాంటివి జారిపోతాయి, అచ్చులు మిగులుతాయి. మేం అరిచేకొద్దీ ఆ అచ్చులే పెద్దవవుతాయి తప్ప మాట తేటపడదు. పాత పాటల్లో జారిన అక్షరాన్ని నీ జ్ఞాపకమే పూరిస్తుంది. మా మాటలకు ఆ సాయం లేదు.

ఆదివారం వస్తున్నా. రేడియో కట్టేసి, నీకెదురుగా కూచుని, నిదానంగా అడుగుతా. పెళ్ళిలో అడిగిన ఆ పాటే. పాడతావా?

నీ మనవడు