గుడ్ నైట్ అంటే... పది నిమిషాలు!

రాత్రి పడుకునే ముందు ఇంట్లో చేసే పనులు లెక్కేస్తే మూడో నాలుగో ఉంటాయి. టీవీ కట్టేయడం, హాల్లో లైటు ఆర్పడం, గొళ్లెం పెట్టడం... వీటిలో మొదటి రెండూ స్మార్ట్ స్పీకర్‌కి అప్పజెప్పొచ్చు. పూడూరులోని మా ఇంట్లో అదే చేశాం. నాయన ప్రతి రాత్రీ వార్తలు చూస్తూ కుర్చీలోనే కునుకు తీస్తారు. తెల్లారి మెడ పట్టేసిందంటారు. అమ్మేమో అర్ధరాత్రి లేచి టీవీ కట్టేసి, చీకట్లో తడుముకుంటూ మంచం దాకా వెళ్లాలి. మా భయమంతా ఆ చీకటి గురించే.

మన దేశంలోకి అలెక్సా స్పీకర్లు 2017లో వచ్చాయి. హిందీ 2019లో చేరింది. మా వాళ్లు మాట్లాడేది తెలుగు కాబట్టి ఇద్దరి నోటా తేలిగ్గా పలికే మాట కావాలి. 'గుడ్ నైట్' అనుకున్నాం. 'అది దోమల మందు గదనే బిడ్డా' అని నవ్వింది అమ్మ. తెలిసిన మాటే కదా, అదే ఖాయం చేశాం!

ముందు సామాను సంగతి. మామూలు ట్యూబ్‌లైటు మసకబారదు, వెలుగుతుంది లేదా ఆరుతుంది. అందుకే హాల్లో ఒక వైఫై స్మార్ట్ బల్బు పెట్టాలి. దాని గోడ స్విచ్ ఎప్పుడూ వేసే ఉంచాలి. అలవాటు కొద్దీ ఎవరైనా స్విచ్ కట్టేస్తే, స్పీకర్ ఎంత పిలిచినా బల్బు పలకదు. మా ఇంట్లో ఆ స్విచ్ మీద చిన్న టేపు ముక్క అంటించాం.

టీవీ దగ్గర అసలు చిక్కుంది. రిమోట్ సంకేతాన్ని అనుకరించే చిన్న పరికరాలు దొరుకుతాయి. కానీ చాలా రిమోట్లలో టీవీ వేయడానికీ కట్టేయడానికీ ఒకటే బటన్. అప్పటికే ఆఫ్‌లో ఉన్న టీవీకి ఆ సంకేతం వెళ్తే ఏమవుతుంది? గుడ్ నైట్ అనగానే టీవీ మోగుతుంది! అందుకే మేం స్మార్ట్ ప్లగ్ పెట్టాం. 'ఆఫ్' అని ఎన్నిసార్లు చెప్పినా దానికి ఆఫే. ప్లగ్ మీదే ఒక బటన్ ఉంటుంది, పొద్దున అది నొక్కితే సరి. సెట్‌టాప్ బాక్సూ దానికే ఉంటే బొమ్మ రావడానికి ఒకటి రెండు నిమిషాలు పడుతుంది. ఆ మాత్రం ఓపిక పట్టాలి.

ఇక యాప్‌లో Routines తెరిచి, పిలిచే మాటగా good night అని టైప్ చేయాలి. తర్వాత చేయాల్సిన పనులు వరుసగా పెట్టాలి. మొదట స్పీకర్ గొంతు 2కి తగ్గాలి. లేకపోతే అది 'ఓకే' అన్నా ఇల్లు అదిరిపోతుంది. ఈ తగ్గింపు తెల్లారాక కూడా అలాగే ఉంటుంది, పెంచుకోవడం మర్చిపోకూడదు. తర్వాత బల్బు 30 శాతానికి దిగాలి. ఆపైన Wait అనే పని చేర్చి పది నిమిషాలు పెట్టాలి. ఆ తర్వాతే ప్లగ్ ఆగాలి, చివరగా బల్బు 5 శాతానికి రావాలి.

కిటుకంతా ఆ పది నిమిషాల్లోనే ఉంది. మొదట్లో ఆ విరామం లేకుండా చూశాం. మాట పూర్తి కాకముందే తెర నల్లబడింది. 'వార్త సగంలో ఉండంగనే బందు జేస్తరా?' అని నాయన గయ్యిమన్నారు. ఇప్పుడు లైటు తగ్గగానే ఆయనకు విషయం అర్థమవుతుంది. మిగిలిన వార్తలు చూసి, నీళ్లు తాగి, తానే మంచం ఎక్కుతారు. ఆ 5 శాతం వెలుతురు పొద్దుటి దాకా ఉంటుంది కాబట్టి అమ్మకు చీకటి బెంగ తీరింది.

పల్లెలో దీనికి పెద్ద పరీక్ష కరెంటు. రాత్రి రెండింటికి పోయి తిరిగొస్తే, చాలా స్మార్ట్ బల్బులు పూర్తి వెలుగుతో భగ్గున వెలుగుతాయి. కరెంటు వచ్చాక పాత స్థితికే రావాలని చెప్పే సెట్టింగు కొన్ని బల్బుల యాప్‌లో ఉంటుంది. కొనేముందే అది ఉందో లేదో అడగండి. రౌటర్‌ను ఇన్వర్టర్‌కి కలపడమూ అవసరమే. నెట్ లేకపోతే స్పీకర్ వింటుంది గానీ పని చేయలేదు. అలాంటి రాత్రుల్లో గోడ స్విచ్చే దిక్కు.

స్పీకర్‌ను టీవీ పక్కన మాత్రం పెట్టొద్దు. వార్తల హోరులో మన గొంతు దానికి వినపడదు. మంచం దగ్గర పెడితే, పడుకున్న చోటు నుంచే మెల్లగా చెప్పొచ్చు.

గొళ్లెం మాత్రం ఇప్పటికీ అమ్మే పెడుతుంది. ఆ పని ఇంకెవరికీ ఇవ్వదట!