రెండు రోజుల రుఖ్సత్‌కి ఎంత కహానీ?

ఉర్దూ మీడియంలో చదివినవాళ్లకి రుఖ్సత్ దరఖాస్త్ రాయడం నమాజ్ అంత పాబందీగా నేర్పేవారు. 'బఖిద్మత్ జనాబ్ సదర్ ముదర్రిస్ సాహబ్' అని మొదలై, 'మోఅద్దబానా గుజారిష్ హై కే' మీదుగా నడిచి, 'ఐన్ నవాజిష్ హోగీ' దగ్గర ఆగేది. ఎంత అదబ్ ఉన్నా అందులో వజహ్ మాత్రం ఒక్క లైనే. 'ఘర్ మే జరూరీ కామ్ హై', అంతే. తర్వాత డిగ్రీలో తెలుగులో 'ఇట్లు తమ విధేయుడు' రాసినప్పుడు కూడా లెక్క అదే. మర్యాద ఎక్కువ, కారణం తక్కువ. ఇప్పుడు వాట్సాప్‌లో సెలవు అడిగేటప్పుడు అది తిరగబడింది. సలామ్ కూడా లేకుండా మొదలుపెట్టి మొత్తం కహానీ చెప్తున్నాం.

మా భాంజా మొయినాబాద్ దగ్గర ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో అకౌంట్స్ చూస్తాడు. ఉండేది చేవెళ్లలో కిరాయికి. ఇంటి ఓనర్ కొడుకు పెళ్లి కుదిరింది, ఇల్లు వాళ్లకే కావాలన్నారు. చేవెళ్లలోనే వేరే ఇల్లు వెతికాడు. మూడు చోట్ల ఇల్లు చూపించారు, అడ్వాన్సు మాట దాకా వచ్చాక పేరు అడిగారు, మర్నాడు 'వేరేవాళ్లకి ఇచ్చేసినం' అన్నారు. చివరికి మొయినాబాద్‌లో దొరికింది. సామాన్ మార్చడానికి రెండు రోజులు సెలవు కావాలి. వాడు రాసుకున్న మెసేజ్ నాకు పంపాడు, 'మామూ, ఒకసారి చూడు' అని. ఓనర్ సంగతి, మూడిళ్ల సంగతి, వాళ్లమ్మ మోకాళ్ల నొప్పులు, పిల్ల స్కూలు, కొత్త ఇంట్లో ఖురాన్ ఖానీ, అన్నీ ఉన్నాయి. ఫోన్ స్క్రీన్ మీద రెండుసార్లు జరిపితే గానీ అయిపోలేదు.

పక్కనే ఉన్న మా చెల్లె ఇంకో సలహా ఇచ్చింది. 'భాయ్‌జాన్, ఇదంతా ఎందుకు, నానీకి తబియత్ బాగాలేదని రాయమను, ఎవరూ కాదనరు.' అమ్మీ మాకు దూరంలోనే కూర్చుని తస్బీహ్ తిప్పుకుంటోంది!

ఈ రెండూ పనికిరావు. కారణాలు మాత్రం వేర్వేరు.

ఝూట్ సంగతి ముందు చెప్తాను. ఇది గునాహ్ అన్న మాట అందరికీ తెలిసిందే. దాని పక్కన ఒక దునియాదారీ లెక్క కూడా ఉంది. ఇల్లు మారడం దాగే పని కాదు. చేవెళ్ల నుంచి మొయినాబాద్ ఇరవై కిలోమీటర్లు కూడా ఉండదు, ఒకటే బీజాపూర్ రోడ్డు. మర్రిచెట్ల కింద చోటా హాథీలో బీరువా, మంచాలు, కూలర్ పెట్టుకుని పోతుంటే ఆఫీసులో ఎవరో ఒకరు చూస్తారు. చూడకపోయినా నెల తిరిగేలోగా కొత్త అడ్రస్ ఆఫీసులో ఇవ్వాల్సిందే. రేపు అమ్మీకి నిజంగానే తబియత్ పాడైతే, ఆ రోజు అడిగే సెలవుకి ఏతబార్ మిగలదు.

ఇక మొత్తం నిజం రాయడం. నేను భాంజాని అడిగాను: 'ఈ మెసేజ్ చదివే సాహబ్ ఏం చేయగలడు?' సెలవు ఇవ్వగలడు, లేదా తేదీ మార్చమనగలడు. అంతకు మించి ఆయన చేతిలో ఏం లేదు. ఆయనకి కావలసినవి నాలుగే సంగతులు. ఏ రోజులు, మళ్లీ ఎప్పుడు వస్తావు, ఆ రెండు రోజులు నీ పని ఎవరు చూస్తారు, ఫోన్‌కి దొరుకుతావా. వజహ్ ఆ తేదీలు ఎందుకో అర్థమయ్యేంత చాలు. 'ఇల్లు మారుతున్నాం' అన్న రెండు మాటలతో అది అయిపోతుంది. మోకాళ్ల నొప్పులు రాస్తే సెలవు ఎక్కువ రాదు. పైగా 'మరి ఆమెని ఎవరు చూసుకుంటారు, మూడో రోజు కూడా అడుగుతాడేమో' అన్న షక్ మొదలవుతుంది.

పేరు అడిగి ఇల్లు కాదన్న సంగతి దగ్గర వాడు ఆగాడు. 'నిజమే కదా మామూ, దాచాలా?' అన్నాడు. దాచడం వేరు, చోటు చూసి చెప్పడం వేరు. అందులో మనకి షర్మ్ ఏమీ లేదు, ఆ షర్మ్ కాదన్నవాళ్లది. కానీ సెలవు కాగితం ఒక మేజా మీద ఆగదు. క్లర్క్ చదువుతాడు, ఇన్‌చార్జి చదువుతాడు, ఫైల్లో ఉండిపోతుంది. మధ్యాహ్నం టీ దగ్గర ఒకరు అయ్యో అంటారు, ఇంకొకరు 'వాళ్లకి కూడా కారణాలు ఉంటాయిలే' అంటారు. వాడి దర్ద్ మీద వాడు లేనప్పుడు బహస్ జరుగుతుంది. ఆ మాట వినే దోస్త్‌కి చెప్పాలి, రాసేవాళ్లకి చెప్పాలి, ఏదైనా చేయగలిగినవాళ్లకి చెప్పాలి. సెలవు మంజూరు చేసే ఆయనకి అది వట్టి ఖబర్ అయిపోతుంది.

తర్వాత తేదీలు పట్టుకుని కూర్చున్నాం. నిజానికి ఎక్కువ ఆలోచించాల్సింది ఇక్కడే. పాత ఓనర్ నెలాఖరుకి ఖాళీ చేయమన్నారు. అకౌంట్స్‌లో 28 నుంచి జీతాల పని, అప్పుడు సెలవు అడిగితే దొరకదు, దొరికినా మనసు బాగుండదు. కొత్త ఇల్లు ఎలాగూ ఖాళీగానే ఉంది కాబట్టి 24న తాళం ఇమ్మని అడిగితే ఆ ఓనర్ ఒప్పుకున్నారు. 24 ఆదివారం. ఆ రోజు బర్తన్లు, బట్టలు, కితాబులు కట్టుకోవడం. సోమవారం బండి. మంగళవారం గ్యాస్ బదిలీ, పాత ఇంట్లో కరెంటు బిల్లు లెక్క, తాళం అప్పగించి అడ్వాన్సు వాపసు తీసుకోవడం. ఓనర్ ఒక పూట ఆలస్యం చేసినా మంగళవారంలో సర్దుకుంటుంది.

వాడు ముందు శనివారం, సోమవారం అడుగుదామనుకున్నాడు. ప్రభుత్వ నౌకరీలో క్యాజువల్ లీవుల మధ్య వచ్చే ఆదివారాన్ని లీవు కింద లెక్కపెట్టరు. కానీ కొన్ని ప్రైవేటు ఆఫీసుల్లో అటూ ఇటూ సెలవు పెడితే మధ్యలో ఆదివారాన్ని కూడా కోస్తారు, రెండు రోజులు మూడు అవుతాయి. సోమ, మంగళ అడిగితే ఆ తక్లీఫ్ లేదు. ఒక రోజు అడిగి మర్నాడు పొద్దున ఫోన్ చేసి ఇంకో రోజు పొడిగించడం కన్నా, రెండూ ముందే అడిగి పని అయిపోతే మంగళవారం మధ్యాహ్నమే వెళ్లడం నయం. ఖురాన్ ఖానీ, దావత్ తర్వాతి ఆదివారానికి జరిపాం. దానికి సెలవే అక్కర్లేదు.

చివరికి పది రోజుల ముందు, గ్రూపులో కాకుండా సాహబ్‌కి ఒక్కరికే వెళ్లిన మెసేజ్ ఇది:

'నమస్తే సార్. మేము చేవెళ్ల నుంచి మొయినాబాద్‌కి ఇల్లు మారుతున్నాం. 25, 26 సోమ, మంగళవారాలు రెండు రోజులు సెలవు ఇవ్వగలరు. 27 బుధవారం పొద్దున డ్యూటీకి వస్తాను. జీతాల పని 28 నుంచి కాబట్టి దానికి ఇబ్బంది ఉండదు. రోజువారీ రసీదులు పక్క సీటు సార్ చూస్తామన్నారు. అవసరమైతే ఫోన్‌లో ఉంటాను.'

ఇందులో ఝూట్ లేదు, కహానీ లేదు. ఒకవేళ ఆఫీసులో సబూత్ అడిగితే కిరాయి అగ్రిమెంట్ కాపీ చూపిస్తే చాలు. అడగకముందే జతచేయక్కర్లేదు, అందులో కిరాయి ఎంతో, ఓనర్ ఎవరో ఉంటాయి. కొత్త అడ్రస్ సంగతి కూడా ఈ మెసేజ్‌లో కలపొద్దు. ఇంట్లో దిగాక, రికార్డుల్లో మార్చమని వేరే దరఖాస్త్ ఇవ్వాలి. దానికి ఆ పాత 'మోఅద్దబానా గుజారిష్' కూడా బాగానే పనికొస్తుంది.