సబ్బు ఆరేదాకా ఆగే క్యాలెండర్



కిందటి ఉత్తరానికి మీరు రాసిన జవాబులన్నీ చదివాను. ఇన్‌స్టాగ్రామ్ గురించి రాయమని చాలామంది అడిగారు కాబట్టి ఈసారి మా కవిటి చెల్లెలి సంగతి చెబుతాను. నాకు వరసకు చెల్లెలు. ఇంటి కొబ్బరినూనెతో సబ్బుల బ్రాండ్ పెట్టబోతోంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకు ఉద్దానం కొబ్బరి తోటలు ఎలా పడిపోయాయో మీరు మరిచిపోయి ఉండరు. ఆ తర్వాత నాటిన మొక్కల కాయలు కూడా ఇప్పుడు గానుగకు వస్తున్నాయి.

"అక్కా, ముప్పై రోజులకు ప్లాన్ వేసిపెట్టు" అంటూ నోట్‌బుక్ తెచ్చింది. ముప్పై గళ్లలో ముప్పై రీల్స్ రాసుకుంది. నేను ముందు అడిగింది సబ్బు ఎప్పుడు పోస్తున్నావని. వేడి చేయకుండా, నూనెలో కాస్టిక్ సోడా నీళ్లు కలిపి పోసే సబ్బు అచ్చులోంచి తీసి కోశాక కనీసం నాలుగు వారాలు ఆరాలి. నీరు పోయేకొద్దీ గట్టిపడి, ఎక్కువ రోజులు మన్నుతుంది. అంటే మన క్యాలెండర్ తేదీలను సబ్బే నిర్ణయిస్తుంది. అమ్మకం రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టాం. సంక్రాంతి దగ్గరపడితే కొరియర్ వాళ్ల దగ్గర పార్సిళ్లు పేరుకుపోతాయి కాబట్టి జనవరి 5న అమ్మకం, డిసెంబరు 7న మొదటి పోస్ట్, దానికి వారం ముందే సబ్బు పోయడం. తయారీ లైసెన్స్ చేతికి వచ్చాకే అది కూడా. చట్టం దృష్టిలో ఒంటి సబ్బు కూడా కాస్మెటికే మరి.

రోజుకో రీల్ వద్దన్నాను. వారానికి మూడు చాలు, మిగతా రోజుల్లో స్టోరీలు. ఆ మూడింటిలో ఒకటి ప్రతి ఆదివారం తూకం. అదే సబ్బు, అదే త్రాసు. మొదటి వారం 112 గ్రాములున్నది తర్వాత 107, ఆపైన 104, ఇలా దిగుతూ వచ్చి, దిగడం దాదాపు ఆగితే ఆరినట్టు లెక్క. ఆ తర్వాతే లేబుల్ మీద బరువు అచ్చు వేయించాలి, లేకపోతే 112 అని వేసి 101 గ్రాములది అమ్మినట్టవుతుంది. చూసేవాళ్లకు కూడా వచ్చే ఆదివారం ఎంతుంటుందో చూడాలనిపిస్తుంది.

రెండో వారం గళ్లలో నూనె ఉంది. డిసెంబరు రాత్రుల్లో మన వైపు 24 డిగ్రీల కంటే దిగుతుంది కదా, కొబ్బరినూనె సీసాలోనే గడ్డకడుతుంది. 'కల్తీయా?' అని ఎవరో ఒకరు అడుగుతారు. వాళ్లు అడిగేలోపే రాత్రి తెల్లగా పేరుకున్న సీసా, మధ్యాహ్నం ఎండలో కరిగిన సీసా పక్కపక్కన పెట్టి తీయమన్నాను. ఈ రీల్ నాకు అన్నిటికంటే ఇష్టం.

మూడో వారం దగ్గర ఇద్దరికీ మాట పెరిగింది. 'మొటిమలు తగ్గించే సబ్బు', 'తెల్లగా చేస్తుంది' అని రాసుకుంది. జబ్బు నయం చేస్తానంటే అది మందు అవుతుంది, కాస్మెటిక్ లైసెన్స్ దానికి పనికిరాదు. పైగా కొబ్బరినూనె మొటిమల ముఖానికి అంతగా పడదు, కొందరికి రంధ్రాలు మూసుకుపోతాయి. ఎక్కువ కొబ్బరినూనెతో చేస్తే ఒళ్లు ఎండబెడుతుంది కూడా, అందుకే మా చెల్లెలు సోడా కాస్త తగ్గించి కొంత నూనె మిగిలేలా చేస్తుంది. ఆ గళ్లు కొట్టేసి 'ఎవరు వాడకూడదు' అని ఒక పోస్ట్, మోచేతి లోపలి వైపు కొంచెం రాసి ఒక రోజు ఆగి చూసుకోమని ఇంకొకటి పెట్టాం. "ఇలా చెబితే ఎవరు కొంటారక్కా?" అంది. మీరూ అదే అంటారేమో. దద్దుర్లు వచ్చాక డబ్బు వెనక్కి ఇవ్వడం కంటే ఇదే చవక.

నాలుగో వారం ధర, పిన్‌కోడ్‌లు, ఆర్డర్ చేసే పద్ధతి. ఉన్నవి 200 సబ్బులు. అందులో పదిహేను తూకానికి, ఫొటోలకు, పాడైనవాటికి పోయాయనుకోండి, అమ్మేవి 185. ఫాలోవర్లలో సగం చుట్టాలే ఉంటారు, ఆ అంకె నమ్మొద్దు. సేవ్ చేసుకున్నవాళ్లు, 'ఎంత?' అని మెసేజ్ పెట్టినవాళ్లు ఎంతమందో రాసుకోమన్నాను. డిసెంబరు చివరికి అడిగినవాళ్లు నలభై మందే ఉంటే డబ్బిచ్చి యాడ్ వేయొచ్చు. రెండొందలు దాటితే యాడ్ మానేసి, రెండో విడత తేదీ చెప్పాలి. ఆ విడత కూడా నాలుగు వారాలు ఆరాల్సిందే కదా, తొందరపడి రెండు వారాలకే పంపిస్తే మెత్తగా నానిపోయిన సబ్బు ఫొటోలే మెసేజ్‌లో వస్తాయి.

చివరి మూడు రోజుల గళ్లు ఖాళీగా వదిలేశాం, జనం అడిగే ప్రశ్నలకు. మీరైతే ఏం అడుగుతారో రాయండి, ఆమెకు పంపిస్తాను.

మీ,
టెక్కలి నుంచి