రాయలవారి ముఖం మీది మచ్చలు

ప్రశ్నపత్రం మీ చేతికి వచ్చేటప్పటికి అందులోని ప్రశ్నలు ఎప్పటి నుంచో అక్కడే ఉన్నట్టు కనిపిస్తాయి. వాటి వెనుక ఎంత కొట్టివేత ఉంటుందో మీకు తెలియదు. ఈసారి ఒక్క ప్రశ్న ఎలా తయారైందో చెబుతాం.

శ్రీకృష్ణదేవరాయలు ఎలా ఉండేవారు? ఏ రాష్ట్రంలోని బడిలో అడిగినా మన తెలుగు పిల్లలు సినిమాలో చూసిన రూపమే చెబుతారు. ఆయనను దగ్గరగా చూసి రాసినవాడు ఒకడున్నాడు. పేరు డొమింగో పేస్, పోర్చుగీసువాడు. 1520 ప్రాంతంలో తనవాళ్ళతో కలిసి విజయనగరానికి వచ్చాడు. రాజు మధ్యరకం ఎత్తు, తెల్లటి చాయ, సన్నం అనడం కంటే కాస్త లావు అనాలి, ముఖం మీద మశూచి మచ్చలున్నాయి అని రాశాడు. న్యాయం తెలిసిన గొప్ప ప్రభువే కానీ ఉన్నట్టుండి కోపం వస్తుందనీ రాశాడు.

ఇలాంటి భాగం ఇచ్చి దాని కింద "ఈ రచయిత నమ్మదగినవాడేనా?" అని అడగడం చాలా పుస్తకాల్లో కనిపిస్తుంది. మాకు ఆ ప్రశ్న నచ్చదు. దానికి వచ్చే జవాబులు రెండే. "కళ్ళారా చూశాడు కాబట్టి నమ్మవచ్చు", లేదా "విదేశీయుడు కాబట్టి నమ్మలేం". రెండూ భాగం చదవకుండానే రాయగల జవాబులు. మనిషిని మొత్తంగా నమ్మడమో, మొత్తంగా తోసెయ్యడమో చేస్తే చదవడానికి ఇక పనేముంది? నమ్మకం మనిషికి కాదు, అతను రాసిన ఒక్కో వాక్యానికి వేరువేరుగా కట్టాలి.

అందుకని ఈశాన్యంలో ఒక కొండ ఊరి బడిలో పని చేసేటప్పుడు తొమ్మిదో తరగతికి ప్రశ్నను మార్చి ఇచ్చాం. తెలుగు క్లాసంటే అక్కడ ఏడుగురే. పేస్ రాసిన వాటిలో నాలుగు సంగతులు బోర్డు మీద రాశాం. రాజు ముఖం మీది మచ్చలు ఒకటి. రాజు దగ్గర ఎప్పుడూ పది లక్షల సైన్యం ఉంటుందన్నది రెండు. ఒక కొండ ఎక్కి చూస్తే కనబడినంత ఊరే రోమ్ నగరమంత పెద్దదిగా తోచిందన్నది మూడు. రాజు రోజూ తెల్లవారకముందే నువ్వుల నూనె తాగి వ్యాయామం చేస్తాడన్నది నాలుగు. వీటిలో ఏది తాను చూసి రాశాడు, ఏది ఎవరో చెబితే రాశాడు, ఏది అంచనా వేసి రాశాడు? ఒక్కోదానికి కారణం చెప్పాలి. అంతే ప్రశ్న.

మొదటి సంగతి దగ్గరే అరగంట పట్టింది. గుర్రాల బేరం గురించి ముందే చెప్పి ఉన్నాం. పోర్చుగీసువాళ్ళు సముద్రం మీదుగా తెచ్చిన గుర్రాలకు విజయనగరం పెద్ద గిరాకీ. అది పట్టుకుని ఒక అబ్బాయి, "వాళ్ళకు రాజుతో పనుంది సార్, అందుకే గొప్ప ప్రభువని పొగిడాడు" అన్నాడు. మంచి మాటే. వెంటనే ఒక అమ్మాయి, "పొగిడేవాడు మచ్చల సంగతి ఎందుకు రాస్తాడు సార్?" అంది. ఇంకొకడు, "రాసింది రాజు చదవడానికి కాదుగా, వాళ్ళ దేశం వాళ్ళకు" అన్నాడు. మేం అడగాల్సిన ప్రశ్న పిల్లలే అడిగారు. రాసినవాడు ఏ దేశంవాడన్న దానికంటే, ఎవరు చదువుతారనుకుని రాశాడన్నది ఇక్కడ ఎక్కువ పనికొచ్చింది. మచ్చలు లేకపోయినా ఉన్నాయని రాస్తే పేస్‌కు ఒరిగేదేమీ లేదు. దాంతో ఆ మాట నిజమని రుజువైపోదు. అబద్ధం ఆడడానికి కారణం కనబడలేదు, అంతవరకే.

అప్పుడు తిరుమల గుడిలోని విగ్రహాల బొమ్మ చూపించాం. తిరుమలదేవి, చిన్నాదేవి ఇరువైపులా ఉండగా రాయలు చేతులు జోడించి నిలబడి ఉంటారు. ఆ ముఖం నున్నగా ఉంటుంది. "అయితే పేస్ చెప్పింది తప్పా?" అని అడిగాం. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత, దేవుడి ముందు నిలబెట్టే విగ్రహానికి మచ్చలు ఎవరు చెక్కుతారు సార్ అన్నారు. విగ్రహం కూడా సాక్షే, దానికీ ఒక మొగ్గు ఉంటుంది. రాయలు భక్తుడిగా ఎలా కనబడాలనుకున్నారో చెప్పడానికి అది పేస్ కంటే మంచి సాక్ష్యం. చర్మం ఎలా ఉండేదో చెప్పడానికి కాదు.

పది లక్షల సైన్యం దగ్గర లెక్క వేయించాం. సెకనుకు ఒకడు చొప్పున సైనికులు ముందు నుంచి నడిచి వెళ్ళినా, పది లక్షల మంది దాటడానికి పగలూ రాత్రీ కలిపి పదకొండున్నర రోజులు పడుతుంది. మహర్నవమి పండుగలో సైన్యం బారులు తీరడం పేస్ చూశాడు, నిజమే. కానీ లెక్కపెట్టి ఉండడు. అంటే ఎవరో చెప్పారు. ఎవరు? బహుశా రాజుగారి మనుషులే. పరాయి దేశంవాడికి తమ బలం తక్కువ చేసి చెబుతారా? అలా మొగ్గు పేస్ నుంచి అతనికి చెప్పినవాళ్ళ మీదకు జరిగింది. పైగా ఆ రోజుల్లో భూములు పొందిన నాయకులు ఒక్కొక్కరు ఇంత సైన్యం పోషించాలన్న ఏర్పాటు ఉండేది. ఆ లెక్కలన్నీ కూడితే వచ్చిన అంకె కూడా కావచ్చు. ఏదైనా ఆ అంకెను కొట్టిపారెయ్యనివ్వలేదు. సైన్యం ఎంతో అది చెప్పకపోయినా, బయటివాళ్ళు ఎంతని నమ్మాలని అక్కడివాళ్ళు కోరుకున్నారో చెబుతుంది.

రోమ్ పోలిక మీకు మా కంటే బాగా అర్థమవుతుంది. బదిలీ మీద కొత్త బడికి వచ్చిన ప్రతి పిల్లా మొదటి వారం "మా పాత బడి గ్రౌండ్ దీనికి రెండింతలు" అంటుంది. ఆ మాటలో గ్రౌండ్ కొలత కంటే ఆ పిల్ల బెంగ ఎక్కువ తెలుస్తుంది. పేస్ కూడా తన పాఠకులు విన్న పెద్ద ఊరి పేరు చెప్పాడు. కొండలు అడ్డం వచ్చి ఊరంతా కనబడలేదని తనే ఒప్పుకున్నాడు. తనకు కనబడనిది ఏదో చెప్పే సాక్షికి మేం కొంచెం ఎక్కువ విలువ ఇస్తాం.

మార్కుల సంగతి కూడా చెప్పాలి, మీరు అదే అడుగుతారు. అయిదు మార్కుల్లో సరైన వాక్యం చూపినందుకు ఒకటి, కారణానికి రెండు, "ఈ మాట దేనికి పనికొస్తుంది, దేనికి పనికిరాదు" అన్నందుకు రెండు. "విదేశీయుడు కాబట్టి" అని మాత్రమే రాస్తే సున్నా. "మన రాజు కాబట్టి" అన్నా సున్నాయే. ఆ రెండో సున్నా మీద ఒక నాన్నగారు మాతో వాదించారు. మార్కు మార్చలేదు.

ఇంకొకటి మిగిలింది. పేస్ రాసింది పోర్చుగీసులో. మద్రాసు ప్రెసిడెన్సీలో అధికారిగా పనిచేసిన రాబర్ట్ సీవెల్ దాన్ని ఇంగ్లీషులోకి మార్చి 1900లో అచ్చువేశాడు. దాన్ని మేం తెలుగులో చెప్పాం. "మధ్యలో మీరు మార్చలేదని మాకేం తెలుసు సార్?" అని ఆ అమ్మాయే అడిగింది. మరుసటి రోజు ఇంగ్లీషు భాగం పక్కన పెట్టి, మా వాక్యాలను వాళ్ళ చేతే సరిచూయించాం.

నువ్వుల నూనె సంగతి తేలకముందే గంట కొట్టారు. తెల్లవారకముందు అంతఃపురంలో రాజు ఏం తాగాడో పేస్‌కు ఎవరు చెప్పి ఉంటారు? చెప్పినవాళ్ళకు అందులో అబద్ధమాడే పనేముంది? ఈ రెండింటికీ మీ జవాబులు రాసి పంపండి. ఏ ఊరి బడి నుంచైనా సరే.